లేట్ కమింగ్ గురించి శుక్రవారం మేనేజర్‌తో మీటింగ్: నిజం చెప్పాలి, కానీ ఎలా?

బ్లూలైన్_ఉప్పల్
బోడుప్పల్‌లో ఉంటాను, ఆఫీసు నానక్‌రామ్‌గూడలో. ప్రొడక్షన్ సపోర్ట్ టీమ్, షిఫ్ట్ 9:30కి మొదలు. నైట్ షిఫ్ట్ వాళ్ల దగ్గర హ్యాండోవర్ తీసుకోవడం నా పనే. రెండు నెలల్లో పదిహేడు సార్లు లేటయ్యానని హెచ్‌ఆర్ రిపోర్ట్ వచ్చింది. "శుక్రవారం నాలుగింటికి మాట్లాడదాం, కారణంతో పాటు ఏం చేయబోతున్నారో కూడా చెప్పండి" అని మేనేజర్ మేడమ్ మెసేజ్ పెట్టారు. "ట్రాఫిక్ వల్ల లేటవుతోంది, ఇకపై జరగకుండా చూసుకుంటాను" అని రాసి పెట్టుకున్నాను. చదివితే నాకే తృప్తిగా లేదు. నిజాయితీగా చెప్పాలి, గట్టి ప్లాన్ కూడా ఇవ్వాలి. ఎలా మొదలుపెట్టాలి?

కోఠి_కుర్రాడు
అరగంట ముందు బయల్దేరండి అక్కా. అయిపోయింది.

జీతం_స్లిప్
మూడు లేట్లకు అరపూట జీతం కోస్తున్నారా? కోస్తే అది చెల్లదు. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలో సెక్షన్ 9 చూడండి. రాని సమయం ఎంతో దానికి తగ్గ మేరకే కోత ఉండాలి, అంతకు మించకూడదు. మీటింగ్‌లో ముందు ఈ పాయింటే పెట్టండి.

రోస్టర్_గదిలో
జీతం_స్లిప్ గారు చెప్పిన సూత్రం సరైనదే. కానీ ఆ పాత చట్టానికి నెలకు 24,000 జీతం పరిమితి ఉండేది, కొత్త వేతన కోడ్‌లోనే దాన్ని తీసేశారు. పైగా చాలా కంపెనీలు జీతం కోయవు, సెలవుల ఖాతాలోంచి అరపూట తీస్తాయి. ఆ లెక్క వేరు. ఇక్కడ ఆమె కోత గురించి అడగనేలేదు. లేట్ గురించి పిలిచిన మీటింగ్‌లో చట్టంతో మొదలుపెడితే మిగతా అరగంటా దాని మీదే పోతుంది.

బ్లూలైన్ గారూ, ముందు మీ అటెండెన్స్ పోర్టల్‌లోంచి ఆ రెండు నెలల స్వైప్ టైములు తీయండి. ఎన్నిసార్లు లేటయ్యారన్నది కాదు, ఏ రోజు ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు స్వైప్ పడిందో కావాలి. లెక్కలోకి తీసుకునేది కింద గేటు స్వైపా, మీ ఫ్లోర్ తలుపు స్వైపా అన్నది కూడా చూడండి. లిఫ్టు దగ్గర క్యూ ఉంటే రెండింటికీ అయిదారు నిమిషాల తేడా వస్తుంది. మీరు ఒకటి చెబుతూ మేడమ్ చేతిలో ఇంకో లెక్క ఉంటే మాట మొదట్లోనే తేలిపోతుంది.

బ్లూలైన్_ఉప్పల్
తీశాను. లెక్క ఫ్లోర్ తలుపుదే. లేటైన పదిహేడింటిలో పన్నెండు 9:38 - 9:42 మధ్య ఉన్నాయి. మిగతా అయిదు 9:53 - 9:57 మధ్య. సరిగ్గా వచ్చిన రోజుల్లో ఎక్కువగా 9:25 చుట్టూ.

రోస్టర్_గదిలో
ఇదే నేను చూడాలనుకున్నది. ట్రాఫిక్ వల్ల లేటైతే టైములు చెల్లాచెదురుగా ఉంటాయి: 9:31, 9:36, 9:44, 9:50, ఇలా. మీవి 9:25, 9:40, 9:55. మధ్యలో ఖాళీ. పదిహేను నిమిషాల మెట్లు. ఎక్కడో పదిహేను నిమిషాలకు ఒకసారి వెళ్లే బండి ఉంది, దాన్ని మీరు అందుకోలేకపోతున్నారు. ఏది అది?

బ్లూలైన్_ఉప్పల్
రాయదుర్గం మెట్రో దగ్గర కంపెనీ షటిల్! 8:50, 9:05, 9:20, 9:35. నేను ఎక్కాల్సింది 9:05ది.

ఇంటి నుంచి మొత్తం ఇలా ఉంటుంది. 7:40కి బండి మీద బయల్దేరతాను, ఎనిమిదింటికి ఉప్పల్ స్టేషన్ పార్కింగ్. చెకింగ్, ప్లాట్‌ఫామ్ అయ్యేసరికి 8:08 రైలు. రాయదుర్గంలో 8:58కి దిగుతాను, 9:03కి షటిల్ దగ్గరుంటాను. 9:05 షటిల్ ఎక్కితే 9:25కి ఫ్లోర్ స్వైప్.

మూడో_షిఫ్ట్
అంటే షటిల్ దగ్గర మీకు మిగిలేది రెండే నిమిషాలు. ఇంట్లో మూడు నిమిషాలు జారితే ఆఫీసులో పదిహేను నిమిషాలు జారతాయి. మేడమ్‌కి ఈ లెక్క చూపించాలి. "కొంచెం లేటైంది" అంటే నమ్మరు, ఇది చూస్తే నమ్ముతారు.

కోఠి_కుర్రాడు
నేనన్నదీ అదేగా. 7:10కి బయల్దేరితే 8:35 లోపే రాయదుర్గం, 8:50 షటిల్. గొడవే లేదు.

రోస్టర్_గదిలో
సగం కరెక్ట్, ఆమెకు వెసులుబాటు కావాలి. కానీ ముందు బయల్దేరగలిగితే ఇప్పటికే బయల్దేరేవారు కదా. 7:40 అనే టైమ్ ఎక్కడి నుంచి వచ్చింది? బ్లూలైన్ గారూ, ఒక ప్రశ్న. ఆ రెండు నెలల్లో దసరా సెలవులు ఉన్నాయి. స్కూళ్లు మూసిన ఆ రోజుల్లో మీ స్వైప్ ఎంత?

బ్లూలైన్_ఉప్పల్
ఇప్పుడే చూశాను. దసరా సెలవుల్లో ఆఫీసుకు వెళ్లిన ఏ రోజూ లేట్ లేదు. అన్నీ 9:10 లేదా 9:25.

పాపను స్కూల్ బస్సు ఎక్కించి బయల్దేరతాను. బస్సు టైము 7:40. వచ్చేది 7:40కీ ఎనిమిదింటికీ మధ్య ఎప్పుడైనా. ఇన్నాళ్లూ ట్రాఫిక్ అనే అనుకుంటూ వచ్చాను. ఉప్పల్-నారపల్లి ఫ్లైఓవర్ పనులతో వరంగల్ హైవే ఎలా ఉంటుందో తెలుసుగా, అందుకని.

హైవే_పక్కిల్లు
ఆ రోడ్డు నాకూ రోజూ తప్పదు. బండి మీదైతే ఆ పనుల దగ్గర మహా అయితే అయిదు నిమిషాలు. కారులో వెళ్లేవాళ్లదే కష్టం. మా వీధిలో నీళ్ల పైపు కోసం తవ్విన గుంత మాత్రం ఇంకా పూడ్చలేదు, దాని గురించి ఎవరితో మాట్లాడాలో ఎవరైనా చెప్పండి.

రోస్టర్_గదిలో
హైవే గారూ, ఆ గుంతకి వేరే థ్రెడ్ పెట్టండి, తప్పకుండా చూస్తాను.

ఇప్పుడు "ట్రాఫిక్" అని రాసుకున్న డ్రాఫ్ట్ పక్కన పెట్టేయండి. అబద్ధం అని కాదు, నిజమైన కారణం కాదు కాబట్టి. మీరు ట్రాఫిక్ అంటే మేడమ్ తలలో మొదట వచ్చే ప్రశ్న "మెట్రోలో వస్తావు కదా, ట్రాఫిక్ ఏంటి?" అదే షటిల్‌లో వచ్చే మిగతావాళ్లు టైమ్‌కి వస్తున్నారు కూడా. కారణం తప్పైతే దాని మీద కట్టే ప్లాన్ కూడా తప్పే. ట్రాఫిక్ అనుకుని దారి మార్చుకునేవారు, స్కూల్ బస్సు అలాగే 7:55కి వచ్చేది.

మూడో_షిఫ్ట్
నాది పాశమైలారంలో ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ పని, సాఫ్ట్‌వేర్ కాదు. కానీ షిఫ్ట్ అంటే ఎక్కడైనా ఒకటే. మా దగ్గర రిలీవర్ రాకపోతే మిషన్ దగ్గరున్న మనిషి కదలడానికి లేదు. అందుకే లేటైనవాళ్లను నేను అడిగే మొదటి మాట "నీ కోసం ఎవరు ఆగారు?" మీరు 9:40కి వచ్చిన రోజు నైట్ షిఫ్ట్ మనిషి ఏం చేశాడు? మేడమ్‌కి ఎక్కువ తెలిసింది అదే అయ్యుంటుంది, స్వైప్ కాదు.

బ్లూలైన్_ఉప్పల్
హ్యాండోవర్‌కి పావుగంట పడుతుంది. నైట్ షిఫ్ట్ వాళ్ల డ్రాప్ క్యాబ్ 9:45కి. నేను 9:40కి వస్తే అతనికి ఆ క్యాబ్ తప్పుతుంది, తర్వాతది 10:30కి. రాత్రంతా మేలుకున్న మనిషి. ఈ కోణంలో ఎప్పుడూ ఆలోచించలేదు.

మూడో_షిఫ్ట్
మీటింగ్‌లో మొదటి వాక్యం అదే కావాలి. "నేను లేటైన రోజుల్లో నైట్ షిఫ్ట్ వాళ్లకు 9:45 క్యాబ్ తప్పింది" అని. నష్టం ఎవరికి జరిగిందో మీరే ముందు చెబితే మేడమ్ దాన్ని మీకు వివరించాల్సిన పని ఉండదు. శుక్రవారం కంటే ముందే ఆ అబ్బాయితో కూడా ఒక మాట చెప్పండి.

వనస్థలిపురం_వకుళ
ఒక్క మాట. హెచ్‌ఆర్‌లో చాలా ఏళ్లు పనిచేసిన అనుభవంతో చెబుతున్నా. పాప, స్కూల్ బస్సు అని నోరు జారొద్దమ్మా. "ఇంట్లో ఉదయం ఒక నిర్ణీత బాధ్యత ఉంది" అంటే చాలు. ఆడవాళ్లు పిల్లల పేరు చెబితే అప్రైజల్‌లో ఎక్కడో ఒకచోట తగులుతుంది. మగవాళ్లు చెబితే మెచ్చుకుంటారు, మనం చెబితే "ఈమెకు పని మీద ధ్యాస లేదు" అంటారు.

రోస్టర్_గదిలో
వకుళ గారి భయం ఊరికే వచ్చింది కాదు, నేనూ చూశాను. అయినా ఇక్కడ నాది వేరే మాట. "నిర్ణీత బాధ్యత" అంటే వినేవాళ్లకు అది ఎంతసేపు, ఎన్నాళ్లు, మారుతుందా లేదా ఏదీ తెలియదు. స్కూల్ బస్సు అంటే అన్నీ తెలిసిపోతాయి: సెలవుల్లో ఉండదు, ఉదయం మాత్రమే, ఇరవై నిమిషాల తేడా. పైగా దసరాలో లేట్లు లేవన్న ఆధారం చూపించాలంటే స్కూల్ అని చెప్పక తప్పదు. కథ వద్దు. కారణం ఒక్క వాక్యంలో, అంతే.

వనస్థలిపురం_వకుళ
మేనేజర్ మంచివారైతే మీరన్నది సరే. ఎవరో తెలియకుండా నేను ఆ సలహా ఇవ్వలేను.

కోఠి_కుర్రాడు
బస్సు ముందు స్టాప్‌కి తీసుకెళ్లి ఎక్కిస్తే? అక్కడికి త్వరగా వస్తుందిగా.

బ్లూలైన్_ఉప్పల్
ముందు స్టాప్ దగ్గరే, బస్సు అక్కడికి ఎనిమిది నిమిషాల ముందు వస్తుంది. ఉప్పల్ వైపే కాబట్టి దారి కూడా కలుస్తుంది.

రోస్టర్_గదిలో
అది చేయండి, మంచిదే. కానీ దాని హద్దు తెలుసుకోండి. దానివల్ల టైమ్ ఎనిమిది నిమిషాలు ముందుకు జరుగుతుంది, బస్సు ఎప్పుడొస్తుందో తెలియని ఆ ఇరవై నిమిషాల ఊగిసలాట మాత్రం పోదు. 7:52కి వచ్చే రోజు షటిల్ మళ్లీ తప్పుతుంది. ఊగే బస్సు మీద మీ షిఫ్ట్ ఆధారపడకూడదు. పాప వాళ్ల నాన్న పరిస్థితేంటి?

బ్లూలైన్_ఉప్పల్
ఆయనకు సోమ, బుధ, శుక్రవారాలు ఇంటి నుంచే పని. ఆ మూడు రోజులు స్టాప్ దగ్గర ఆయన నిలబడతానన్నారు. మంగళ, గురువారాలు ఆయన ఏడింటికే వెళ్లిపోతారు.

రోస్టర్_గదిలో
అయితే ప్లాన్ రెండు ముక్కలు.

సోమ, బుధ, శుక్ర: మీరు 7:25కి బయల్దేరండి. 8:48కి షటిల్ దగ్గరుంటారు, 8:50ది ఎక్కితే 9:10కి స్వైప్. అది తప్పినా 9:05ది ఉంది, 9:25కి స్వైప్. ఒక బండి తప్పినా టైమ్‌కి చేరాలి, వెసులుబాటును అలా కొలుచుకోవాలి. పది నిమిషాలు ముందు, పదిహేను నిమిషాలు ముందు అని గాల్లో వేసుకుంటే షటిల్ టైములతో పొసగదు. ఇప్పుడున్న ప్లాన్‌లో ఒక బండి తప్పితే లేటే. అసలు లోపం అక్కడుంది.

మంగళ, గురు: ఆ రెండు రోజులకు మాత్రం 10:00 - 7:00 షిఫ్ట్ అడగండి. బస్సు ఎనిమిదింటికి వచ్చినా 9:23కి షటిల్ దగ్గరుంటారు, 9:35ది ఎక్కి 9:55కి స్వైప్. ముందు స్టాప్‌లో ఎక్కిస్తే 9:15కే అక్కడుంటారు, 9:20ది దొరుకుతుంది, 9:40కి స్వైప్. అక్కడా ఒక బండి వెసులుబాటు వచ్చినట్టే.

అయిదు రోజులకూ పదింటి షిఫ్ట్ అడగకండి. అవసరమైన రెండు రోజులే అడిగితే మిగతా మూడు రోజులు మీ చేతుల్లోని పని మీరు చేశారని కనిపిస్తుంది.

మూడో_షిఫ్ట్
అంతా బాగుంది, మంగళ, గురువారాల్లో 9:30కి హ్యాండోవర్ ఎవరు తీసుకుంటారు? ఆ ఖాళీ నింపకుండా షిఫ్ట్ అడిగితే నష్టం మళ్లీ నైట్ షిఫ్ట్ అబ్బాయికే. ఆమె టైమ్‌కి వచ్చినట్టు రికార్డులో ఉంటుంది, అతనికి మాత్రం క్యాబ్ తప్పుతూనే ఉంటుంది.

బ్లూలైన్_ఉప్పల్
టీమ్‌లో ఒకతను తొమ్మిదింటికే వస్తాడు, సాయంత్రం ఆరున్నరకు వెళ్లాలి అతనికి. కానీ ఆఖర్లో వచ్చే టికెట్ల వల్ల చాలాసార్లు ఏడవుతుంది.

మూడో_షిఫ్ట్
ఇంకేం, మార్పిడి దొరికింది. ఆ రెండు రోజులు ఉదయం హ్యాండోవర్ అతను తీసుకుంటాడు, సాయంత్రం ఆరు తర్వాత వచ్చే టికెట్లు మీరు చూస్తారు. కానీ మేడమ్‌కి చెప్పేముందే అతన్ని అడగండి. అడగకుండా అతని పేరు మీటింగ్‌లో పెడితే అతనికి కాదనే వీలుండదు.

గచ్చిబౌలి_గీత
మెట్రోలోంచే ఫోన్‌లో హ్యాండోవర్ తీసుకోవచ్చుగా? సిగ్నల్ ఉంటుంది, పైనే వెళ్తుంది కదా రైలు.

రోస్టర్_గదిలో
వద్దండి. అమీర్‌పేటలో ఎక్కే జనంలో ఫోన్ చెవిదాకా తేవడమే కష్టం. క్లయింట్ సర్వర్ల పేర్లు పదిమందిలో చదవడం ఇంకో తప్పు. రాతపూర్వకంగా అయితే పనికొస్తుంది. నైట్ షిఫ్ట్ వాళ్లు 9:10కల్లా తెరిచి ఉన్న టికెట్లు, ఏది ఎక్కడ ఆగింది, ఎవరి జవాబు కోసం చూస్తున్నారు అని నాలుగు వరుసలు రాసి పెడితే పావుగంట హ్యాండోవర్ అయిదు నిమిషాలకు దిగుతుంది. అయితే అది వాళ్లకు అదనపు పని, కాబట్టి కోరికగా అడగాలి, ప్లాన్‌లో భాగంగా కాదు.

ఇంకొకటి, ఇదే అన్నిటికంటే ముఖ్యం. లేటవుతుందని మీకు ఎప్పుడు తెలుస్తుంది?

బ్లూలైన్_ఉప్పల్
షటిల్ తప్పినప్పుడు. 9:07కో అప్పుడు మెసేజ్ పెడతాను.

రోస్టర్_గదిలో
మీ లెక్క ప్రకారం 7:43కే తెలుస్తుంది! ఆ టైమ్‌కి ఇంటి దగ్గరే ఉంటే 9:05 షటిల్ అందదు. దాదాపు రెండు గంటల ముందే తెలిసిన విషయాన్ని చివరి ఇరవై నిమిషాల్లో చెబుతున్నారు. 7:45కి "ఈ రోజు 9:40కి చేరతాను, హ్యాండోవర్ ఫలానావారు తీసుకోగలరా" అని పెడితే మేడమ్ చేతిలో టైమ్ ఉంటుంది. "ట్రాఫిక్‌లో ఉన్నా, వచ్చేస్తున్నా" కాదు, చేరే టైమ్ రాయండి. దానికి రెండు మూడు నిమిషాలు కలిపి రాయండి, తగ్గించి కాదు.

గచ్చిబౌలి_గీత
"ఇకపై ఎప్పుడూ లేటవను" అని మాట ఇవ్వాలా?

మూడో_షిఫ్ట్
ఇవ్వకూడదు. వాన పడిన మొదటి రోజే ఆ మాట పోతుంది. కొలవగలిగే హద్దు చెప్పాలి. "నెల రోజులు చూద్దాం. రెండు కంటే ఎక్కువ లేట్లు వస్తే ఈ ప్లాన్ పనిచేయలేదని ఒప్పుకుని, హ్యాండోవర్ బాధ్యత వేరేవాళ్లకు మార్చమని నేనే అడుగుతాను." ఇలా.

బ్లూలైన్_ఉప్పల్
అందరి మాటలు కలిపి రాశాను, చూడండి:

"మేడమ్, ఈ రెండు నెలల్లో పదిహేడు సార్లు లేటయ్యాను. ఆ రోజుల్లో నైట్ షిఫ్ట్ వాళ్లకు 9:45 క్యాబ్ తప్పింది, వాళ్లకు క్షమాపణ చెప్పాను. కారణం ట్రాఫిక్ కాదు. పాపను ఎక్కించే స్కూల్ బస్సు 7:40 నుంచి 8:00 మధ్య ఎప్పుడైనా వస్తోంది, మూడు నిమిషాలు దాటితే నాకు 9:05 షటిల్ అందదు. దసరా సెలవుల్లో ఒక్క లేట్ కూడా లేదు. వచ్చే సోమవారం నుంచి సోమ, బుధ, శుక్రవారాలు మావారు బస్సు ఎక్కిస్తారు, నేను ఒక షటిల్ ముందే వస్తాను. మంగళ, గురువారాలు 10:00 - 7:00 షిఫ్ట్ ఇవ్వగలరా? ఆ రోజుల్లో ఉదయం హ్యాండోవర్ తీసుకోవడానికి మన టీమ్‌లో ఒకరు ఒప్పుకున్నారు, బదులుగా వారి సాయంత్రం టికెట్లు నేను చూస్తాను. లేటయ్యే రోజు 7:45కే చేరే టైమ్‌తో మెసేజ్ పెడతాను. నెల తర్వాత స్వైప్ రిపోర్ట్‌తో వస్తాను. రెండు కంటే ఎక్కువ లేట్లుంటే హ్యాండోవర్ మార్చేయండి."

రోస్టర్_గదిలో
బాగుంది. ముందు నోటితో చెప్పండి, మీటింగ్ అయ్యాక అదే రోజు మెయిల్‌లో ఒప్పుకున్నవి మాత్రం రాయండి.

వనస్థలిపురం_వకుళ
నేనైతే మెయిల్‌లో "పదిహేడు" అన్న సంఖ్య రాయను. అది మీ చేతి రాతతో ఫైల్లో ఉండిపోతుంది. ప్లాన్ వరకే రాయండి.

రోస్టర్_గదిలో
ఆ సంఖ్య వాళ్ల రిపోర్ట్‌లోదే కదా. సరే, ఆమె ఇష్టం.

బ్లూలైన్_ఉప్పల్
మీటింగ్ అయింది. క్యాబ్ సంగతి చెప్పగానే మేడమ్ "నైట్ వాళ్లు రెండుసార్లు నా దగ్గరికి వచ్చారు" అన్నారు. మంగళ, గురువారాల షిఫ్ట్ నెల రోజుల ట్రయల్‌కి ఇచ్చారు. హ్యాండోవర్ మార్పిడికి మాత్రం వెంటనే ఊ అనలేదు, అతనితో విడిగా మాట్లాడతానన్నారు. మెయిల్‌లో సంఖ్య రాయలేదు, ప్లాన్ రాశాను.

మూడో_షిఫ్ట్
విడిగా మాట్లాడటం సరైన పనే. అతను మీ ముందు మొహమాటానికి ఒప్పుకున్నాడేమో తెలుసుకోవాలి కదా.

హైవే_పక్కిల్లు
మార్చిలో ఒంటిపూట బడులు మొదలైతే స్కూల్ బస్సు టైములన్నీ మారిపోతాయి. అప్పుడు ఉదయం ఇంకా ముందే వస్తుంది, మంగళ, గురువారాల షిఫ్ట్ మీకు అక్కర్లేకపోవచ్చు.

బ్లూలైన్_ఉప్పల్
నిజమే! కానీ మధ్యాహ్నం బస్సు దిగే టైమ్‌కి ఎవరుండాలో చూసుకోవాలి. అత్తయ్యను అప్పటికి రమ్మని అడగాలి.

రోస్టర్_గదిలో
బస్సు కొత్త టైములు స్కూల్ వాళ్లు చెప్పిన రోజే మేడమ్‌కి మెయిల్ పెట్టండి. ఆ రెండు రోజుల షిఫ్ట్ అక్కర్లేకపోతే మీరే తిరిగి ఇచ్చేయండి.